బ్యాంకువాళ్ళు పంపినట్టున్న మాట

నా స్నేహితుడి నాన్న, నేను బాబాయి అని పిలిచే మనిషి, పోయిన నాలుగో రోజు వెళ్ళాను. తెనాలిలో వాళ్ళ ఇంటి ముందుగదిలో బాబాయి కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. వాడి ఫోను ఆ దుప్పటి మీదే పెట్టి ఉంది. వాడి చెల్లెలు దాన్ని తీసి, వచ్చిన మెసేజ్‌లు ఒక్కొక్కటీ వాళ్ళమ్మకి చదివి వినిపిస్తోంది. పిన్నికి కళ్ళద్దాలు పెట్టుకునే ఓపిక కూడా లేదు. ఓం శాంతి, ఓం శాంతి, చేతులు జోడించిన బొమ్మ, మళ్ళీ ఓం శాంతి. ఆ అమ్మాయి కొన్నిటిని పూర్తిగా చదవకుండానే దాటేస్తోంది. ఇంతలో ఒకటి మొదలుపెట్టింది: "మీ తండ్రిగారి ఆకస్మిక మరణవార్త..."

పిన్ని తలెత్తింది. "ఎవరమ్మా అది, బ్యాంకువాళ్ళా?"

అది నేను పంపిందే. ఆ అమ్మాయి పైకి జరిపి పేరు చూసింది, నావైపు చూసింది, "ఎవరో లేమ్మా" అని తర్వాతదానికి వెళ్ళిపోయింది. అంత మర్యాద ఆ వయసులో ఎక్కడ నేర్చిందో.

హైదరాబాదు తిరిగొచ్చాక రెండు రాత్రులు కూర్చుని మళ్ళీ రాశాను. ఇప్పుడు ఆ రెండు సందేశాలనూ పక్కపక్కన పెట్టి చూడబోతున్నాను. రెండూ రాసినవాణ్ణి నేనే కాబట్టి మొదటిదాన్ని ఏమన్నా పట్టించుకునేవాళ్ళు లేరు. ముందు మొదటిది, పంపింది పంపినట్టుగా:

"మీ తండ్రిగారి ఆకస్మిక మరణవార్త నన్ను తీవ్ర దిగ్భ్రాంతికి గురిచేసింది. వారి మృతి మీ కుటుంబానికి తీరని లోటు. వారి పవిత్ర ఆత్మకు శాంతి చేకూరాలని, మీ కుటుంబ సభ్యులకు మనోధైర్యాన్ని ప్రసాదించాలని ఆ భగవంతుని ప్రార్థిస్తూ, నా ప్రగాఢ సానుభూతిని తెలియజేస్తున్నాను. ఎటువంటి అవసరం ఉన్నా సంకోచించకుండా తెలియజేయగలరు. ఓం శాంతి."

ఇది రెండోది:

"ఒరేయ్, బాబాయి లేరంటే ఏం రాయాలో తెలియట్లేదు. మొన్న ఇంటికొచ్చి కూడా ఏమీ మాట్లాడలేకపోయాను.

ఇంటర్ రెండో ఏడాది నాకు బూడిదరంగు ప్యాంటు కుట్టి, కింద రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి వదిలారు. 'ఎదిగే పిల్లాడివి, సంక్రాంతికి విప్పించుకో' అన్నారు. సంక్రాంతికి ఆయనే విప్పి కుట్టిచ్చారు. డబ్బులు తీసుకోలేదు.

రెండేళ్ళు సోమ, బుధ, శుక్రవారాలు నువ్వే తీసుకెళ్ళి తీసుకొచ్చావు. ఇప్పుడు ఆ పొద్దులు నీకు కష్టంగా ఉంటాయేమో.

పెద్దకర్మకి శనివారం రాత్రికే వస్తాను. స్టేషన్ నుంచి వచ్చేవాళ్ళని ఇంటికి చేర్చే పని నాకొదిలెయ్. డెత్ సర్టిఫికెట్ పని ఇంకా కాకపోతే కాగితాలు నా చేతికియ్యి, సోమవారం ఉండి నేను మునిసిపాలిటీకి వెళ్తాను.

పిన్నిని అడిగానని చెప్పు. దీనికి జవాబు రాయక్కర్లేదు."

చూడగానే తెలిసేది భాష తేడా. ఒకటి గ్రాంథికం వాసన కొడుతోంది, ఇంకోటి ఇంట్లో మాట్లాడుకునే మాట. కానీ తేడా అంతటితో అయిపోతే ఇంత రాయక్కర్లేదు. వాడుక భాషలో కూడా బ్యాంకువాళ్ళ మాటలు రాయొచ్చు. "మీ నాన్న పోయారని విని చాలా బాధపడ్డాను, దేవుడు మీకు ధైర్యం ఇవ్వాలి, ఏమైనా కావాలంటే చెప్పు" అన్నా మొదటిదానికి అది తర్జుమానే.

మొదటి వాక్యంలోనే ఒక అబద్ధం ఉంది. "ఆకస్మిక". ఆయనకి రెండేళ్ళుగా డయాలసిస్ జరుగుతోంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆ సంగతి నాకు తెలుసు. నెలకోసారి వీడితో మాట్లాడినప్పుడల్లా బరువు ఎంత పెరిగింది, ఎంత నీరు తీశారు అనే మాటలు దొర్లేవి. అలాంటి మరణాన్ని ఆకస్మికం అన్నానంటే ఆ రెండేళ్ళనూ నేను కొట్టిపారేసినట్టే. పొద్దున్నే నాలుగున్నరకి లేచి బండి మీద నాన్నని వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళినవాడికి ఆ మాట ఎలా ఉంటుంది? వాడు చదివి ఉండకపోవచ్చు. అది నా అదృష్టం.

ఆ మాట నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పగలను. ఒకప్పుడు జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేశాను. సాయంత్రం ఏడు దాటాక సంతాపం వార్తలు వరసగా వచ్చేవి. ఫలానావారి మృతికి ఫలానావారి సంతాపం, సింగిల్ కాలమ్, నాలుగు వాక్యాలు. చనిపోయింది మాజీ సర్పంచా, విశ్రాంత ఉపాధ్యాయుడా, ఎమ్మెల్యేగారి అత్తగారా అన్నది వాక్యాన్ని మార్చేది కాదు. "దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు" అనేది వాక్యం కాదు, అచ్చు. పేరు పోసి తీస్తే వార్త వచ్చేస్తుంది. ఆ అచ్చులో పెద్ద సుగుణం ఒకటుంది, దాంతో ఎవరికీ తప్పు రాదు. అవతలివాడు ఎవరైనా సరే, ఎలా పోయినా సరే, ఆ మాట చెల్లుతుంది. సంతాపం ప్రకటించిన నాయకుడికి చనిపోయినవారి పేరు అప్పుడే తెలిసి ఉండొచ్చు. అయినా చెల్లుతుంది. అసెంబ్లీలో సంతాప తీర్మానానికీ, సభలో రెండు నిమిషాల మౌనానికి ముందు చదివే కాగితానికీ ఆ భాషే కావాలి. అక్కడ మాట్లాడేది మనిషి కాదు, సభ. సభకి కన్నీళ్ళుండవు, తీర్మానాలే ఉంటాయి. దాన్ని నేను తప్పుపట్టను.

నా తప్పల్లా ఒక సభ మాట్లాడే భాషని ఒక స్నేహితుడి నోట్లో పెట్టుకోవడం. "తీరని లోటు" సంగతే చూడండి. సాహితీలోకానికి తీరని లోటు, పార్టీకి తీరని లోటు అంటాం. పెద్ద సంస్థలో ఒక కుర్చీ ఖాళీ అయిందని దాని అర్థం. ఇంట్లో తండ్రి పోతే కొడుకుతో "మీ కుటుంబానికి లోటు" అనడం, ఆ ఇంటి లెక్కలు వాడికే అప్పజెప్పడం లాంటిది. వాడికి తెలియదా?

ఇక "మీ తండ్రిగారు". ముప్పయ్యేళ్ళుగా వాడితో నా సంబోధన ఒరేయ్. ఆయన్ని బాబాయి అన్నాను తప్ప ఇంకోమాట అనలేదు. ఆయన ముందు ఎవరైనా పొరపాటున అంకుల్ అంటే "ఇక్కడ అంకుళ్ళెవరూ లేరు, కొలత ఇచ్చుకో" అనేవారు. అలాంటి మనిషి పోయిన రోజున ఆయన్ని తండ్రిగారు అన్నాను, వాణ్ణి మీరు అన్నాను. మన భాషలో మీరు అనడం గౌరవమే, కాదనను. కానీ నువ్వు అనుకునే మనుషుల మధ్య హఠాత్తుగా మీరు వచ్చిందంటే అది గౌరవం కాదు, దూరం. తగాదా వచ్చినప్పుడు మొగుడూపెళ్ళాలు మీరు, తమరు అంటారే, అదే దూరం. చావింట్లో మనిషికి మొదట తట్టేది అందరూ కాస్త వెనక్కి జరిగి నిలబడటం. నా మెసేజ్ కూడా ఓ రెండడుగులు వెనక్కి జరిగింది.

రెండోదాంట్లో "బాబాయి లేరంటే" అని రాశాను. అక్కడా కాస్త తటపటాయించాను. పోయారు, చనిపోయారు, కాలం చేశారు, లేరు. తెలంగాణలో మిత్రులైతే "కాలం జేసిండు" అంటారు, ఎంత బావుంటుందో ఆ మాట. స్వర్గస్థులయ్యారు, పరమపదించారు, శివైక్యం చెందారు అన్నవి ఏదో ఒక లోకానికి టికెట్టు కొట్టి పంపే మాటలు. క్రైస్తవ కుటుంబానికి ఒకటి, ముస్లిం కుటుంబానికి మరొకటి, హేతువాదికి ఇంకొకటి కావాలి. వాడితో నేనెప్పుడూ బాబాయి ఏ లోకానికి వెళతారని మాట్లాడలేదు. "లేరు" అన్నది ఇంటి గుమ్మం దాటని మాట. ఆయన ఎక్కడికి వెళ్ళారన్నది చెప్పదు, ఇక్కడ లేరన్నది మాత్రం చెబుతుంది. మా ఇద్దరికీ కచ్చితంగా తెలిసింది అంతే.

"భగవంతుని ప్రార్థిస్తూ" అన్నాను గదా. ప్రార్థించలేదు. కబురు తెలిసినప్పుడు ఆఫీసులో లిఫ్టు కోసం నిలబడి ఉన్నాను. లిఫ్టు వచ్చేలోపు టైపు చేసి పంపేశాను. ఇలా రాసే వందమందిలో నిజంగా దండం పెట్టుకునేవాళ్ళు ఎందరో నాకు తెలియదు, నేను మాత్రం పెట్టుకోలేదు. నిజంగా పెట్టుకునేవాళ్ళు అలా రాస్తే అది అచ్చు కాదు. మా మేనత్త ఎవరైనా పోతే సాయంత్రం దీపం దగ్గర వాళ్ళ పేరు తలుచుకునేది. ఆవిడ "దేవుడికి చెప్పుకున్నానురా" అంటే ఆ మాటకి బరువుండేది. "ఆత్మకు శాంతి" అన్నదాని మీద నాకింకో చిన్న అనుమానం. మన కర్మకాండల్లో పెద్దలు ఎక్కువగా అనే మాట సద్గతి, ఉత్తమగతులు. గతి అంటే నడక, శాంతి అంటే ఆగడం. ఇంగ్లీషులో ఆర్ఐపీ అనే మూడక్షరాలు వచ్చి మన ఓం శాంతి భుజం మీద చెయ్యి వేశాయనిపిస్తుంది. ఇది నా ఊహే, దీని మీద ఎవరైనా వాదనకొస్తే నేను తప్పుకుంటాను.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ గుచ్చింది ఐదింట్లో నాలుగో వాక్యం. "ఎటువంటి అవసరం ఉన్నా సంకోచించకుండా తెలియజేయగలరు." చూడ్డానికి ఉదారంగా ఉంది. క్రియలు ఒక్కసారి లెక్కేసి చూడండి. గురిచేసింది, వార్త చేసింది. చేకూరాలి, ప్రసాదించాలి, దేవుడి పని. తెలియజేస్తున్నాను, అంటే ఈ మెసేజ్ పంపడమే నా పని, పంపగానే అయిపోయింది. చివరికి తెలియజేయగలరు. ఇది వాడి పని. మొత్తం సందేశంలో ఇంకా చెయ్యాల్సిన పని ఏమైనా మిగిలి ఉందంటే అది తండ్రి పోయినవాడికి మిగిలింది. తనకేం కావాలో ఆలోచించుకోవాలి, ఎవరిని అడగొచ్చో తేల్చుకోవాలి, అడగాలి. చావింట్లో ఎవరూ అలా అడగరు. పోయిన రోజు ఇంట్లో పొయ్యి వెలిగించరు, పక్కింటివాళ్ళు కాఫీ కాచి ఫ్లాస్కులో పోసి తెస్తారు. "కాఫీ కావాలంటే సంకోచించకుండా తెలియజేయండి" అని ఏ పక్కింటావిడా అనదు. తెచ్చి పెట్టి వెళ్తుంది.

అందుకే రెండోదాంట్లో పనులు నావైపుకి లాక్కున్నాను. ఏ పనులు తీసుకోవాలన్నది కూడా తేలిగ్గా తేలలేదు. మొదట "ఏ పనైనా సరే నాకు చెప్పు" అని రాశాను, పాతదే మారువేషంలో వచ్చింది. పెద్దకర్మ రోజు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకున్నాను. పదకొండో రోజు పొద్దున్నే కొడుకు కర్మ దగ్గర కూర్చోవాలి, లేవడానికి వీలుండదు. అదే సమయానికి రైళ్ళు దిగే చుట్టాలు ఫోన్లు చేస్తుంటారు. ఆ ఫోన్లు ఎవరెత్తాలి? అది నేను చెయ్యగలను. రెండోది ధ్రువీకరణ పత్రం. ఆయన ఇంట్లోనే పోయారు. ఆసుపత్రిలో పోతే వాళ్ళే నమోదుకి పంపుతారు, ఇంట్లో అయితే కుటుంబమే వెళ్ళి చెప్పాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లోపు చెబితే రుసుము ఉండదు, దాటితే ఆలస్య రుసుమూ, ఇంకా ఆలస్యమైతే అనుమతులూ మొదలవుతాయి. పెద్దకర్మ ముగిసేసరికే ఆ గడువులో సగం అయిపోతుంది. పింఛను, బ్యాంకు ఖాతా, ఇంటి పన్ను అన్నిటికీ ఆ కాగితమే మొదలు. సంతాపం తెలిపే సందేశంలో మునిసిపాలిటీ ఏమిటని మా ఆవిడ అంది. నిజమే, చదవడానికి కాస్త మొరటుగానే ఉంటుంది. అయినా ఉంచేశాను. నా సందేశంలో ప్రేమ ఉన్న వాక్యం అదేనని నా నమ్మకం.

ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఇంకో రెండు చిత్తుప్రతులున్నాయి, అవి మొదటిదానికన్నా ఘోరం. బ్యాంకువాళ్ళ మాట నుంచి తప్పించుకోబోయి కవి మాటలో పడ్డాను. "జీవితమనే వస్త్రాన్ని ఓపికగా కుట్టుకుంటూ వచ్చిన ఆ చేతులు..." అని మొదలుపెట్టాను. దర్జీ గనక గుడ్డ, దారం, సూది, చివరికి విధి చేతిలో కత్తెర కూడా వచ్చింది. రాస్తున్నంతసేపూ బాగానే ఉంది. పొద్దున్నే చూసుకుంటే అందులో బాబాయి లేరు, నా ఉపమానం ఉంది. బాబాయి చేతుల మీద నిజంగా ఉన్నది ఏమిటి? కుడిచేతి బొటనవేలు పక్కన కత్తెర రాసుకుని కాయకాసిన మచ్చ, గోళ్ళలో నీలం సుద్ద. అవి ఏ ఉపమానానికీ పనికిరావు, అందుకే అవి ఆయనవి. దర్జీకి రెడీమేడ్ సంతాపం పంపాననే చమత్కారం కూడా తట్టింది. మిమ్మల్ని నవ్వించడానికి ఇక్కడ చెబుతున్నా గానీ వాడికి రాయలేదు.

రెండో చిత్తుప్రతి ఇంకో గోతిలో పడింది. నా చిన్నతనం, మా నాన్న ఊళ్ళు పట్టుకు తిరగడం, ఆ ఇంట్లో నేను తిన్న అన్నం, నా కన్నీళ్ళు, అంతా నేనే. చదివినవాడు చివరికి నన్ను ఓదార్చాలి. తండ్రిని తనే పోగొట్టుకున్నాడని మర్చిపోయి "ఏడవకురా" అని నాకు రాయాల్సి వస్తుంది. జ్ఞాపకం రాయడంలో ఉన్న ప్రమాదం ఇది. ఎంత రాయాలన్నదానికి నేను పెట్టుకున్న కొలత మోటుగా ఉంటుంది: జ్ఞాపకంలో కదిలేది పోయినమనిషి అయి ఉండాలి. రెండంగుళాల మడత మాటలో వదిలింది ఆయన, అన్నది ఆయన, విప్పి కుట్టింది ఆయన, డబ్బు తీసుకోనిది ఆయన. నేను ప్యాంటు లోపల నిలబడి ఉన్నాను, అంతే.

ఆ జ్ఞాపకాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, అది వాడికి తెలియదు. ఆ సంక్రాంతికి వాడు అమ్మమ్మగారి ఊళ్ళో ఉన్నాడు. వాడికి తెలిసిన తండ్రి గురించి వాడికి నేను చెప్పేదేముంది? వాడు చూడని ఒక మధ్యాహ్నం నా దగ్గరుంది, అది ఇచ్చేశాను. "మంచి మనిషి", "సౌమ్యుడు", "అజాతశత్రువు" అని రాస్తే వాడికి కొత్తగా ఏమీ చేరదు. పైగా బాబాయి సౌమ్యుడేమీ కాదు. కాజాలు వంకరగా వస్తే పని నేర్చుకునే కుర్రాణ్ణి వీధి చివరిదాకా వినిపించేలా తిట్టేవారు.

ఆ కుర్రాడి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఆ రోజు చెల్లెలు చదివినవాటిలో అతనిదీ ఉంది. ఇప్పుడు ఎక్కడో సొంత షాపు పెట్టుకున్నాడట. అక్షరదోషాలతో మూడే ముక్కలు: మాస్టారు నాకు కాజాలు కుట్టడం నేర్పారు, తిట్టారు, పండక్కి కొత్త చొక్కా ఆయనే కుట్టి తొడిగారు. పిన్ని "మళ్ళీ చదువు" అంది. ఆ అమ్మాయి మళ్ళీ చదివింది. పిన్ని అప్పుడు ఏడ్చింది, ఏడుస్తూనే "ఆ చొక్కా గళ్ళది" అంది. ఇన్నేళ్ళు వాక్యాలు దిద్దే ఉద్యోగం చేసిన నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

ఆలోచిస్తే ఆ కుర్రాడు కొత్తగా చేసిందేమీ లేదు. మన ఊళ్ళలో ఆడవాళ్ళు రాగాలు పెట్టి ఏడవడం విన్నవాళ్ళకి తెలుసు, ఆ ఏడుపులో గుణవిశేషణాలు తక్కువ. ఎక్కువగా వస్తువులూ సంఘటనలే. ఏ తిరనాళ్ళకి తీసుకెళ్ళాడు, ఏ కూర అడిగి తిన్నాడు, చివరి రోజు ఎవరి పేరు పిలిచాడు. పైగా ఆ మాటలన్నీ పోయినమనిషితోనే, నువ్వు అని పిలుస్తూ. చదువుకున్నవాళ్ళం ఆ శోకాలంటే మొహం చిట్లించాం. నాయని సుబ్బారావు తల్లి మీద మాతృగీతాలు రాస్తే కావ్యమన్నాం, మనింటి ముసలమ్మ ఏడుస్తుంటే మాత్రం నోరు మూయించాం. ఆ ఖాళీలోకి పేపరు భాష వచ్చి కూర్చుంది. రాగాలు తీస్తూ మెసేజ్ పంపమని నేననడం లేదు, నావల్లా కాదు. కానీ "గళ్ళ చొక్కా" అనే మాట ఎక్కడిదో తెలుసుకుంటే మంచిది.

"కష్టంగా ఉంటాయేమో" అన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. మొదట "నీ బాధ నేను అర్థం చేసుకోగలను" అని రాసి కొట్టేశాను. మా నాన్న ఉన్నారు, నేనెలా అర్థం చేసుకోగలను? తర్వాత "ఆ పొద్దులు నీకు కష్టంగా ఉంటాయి" అన్నాను. అది కూడా ఎక్కువే, వాడి దుఃఖం టైంటేబుల్ నేను వేసినట్టుంది. చివర "ఏమో" తగిలించాక వాక్యం సర్దుకుంది. మన ఏమో చాలా మంచి మాట. ఊహించానని చెబుతుంది, తప్పయితే తప్పేనని ముందే ఒప్పుకుంటుంది, కాదనడానికి అవతలివాడికి చోటుంచుతుంది. డయాలసిస్ మనిషిని చూసుకున్నవాళ్ళు తరవాత ఒక మాటంటారు, తెల్లారుజామున చేతులకి పని ఉండదని. ఆరింటికి మొదటి షిఫ్టు అందుకోవాలంటే నాలుగున్నరకి లేవాలి. రెండేళ్ళ అలవాటు ఒక్కరోజులో పోదు. "పోనీలే, ఆయనకి బాధ తప్పింది, నీకూ విశ్రాంతి" అన్న మాట ఆ ఇంట్లోనే నా చెవినపడింది. వాడు తలూపాడు. తలూపక ఏం చేస్తాడు?

ఒక వాక్యం మాత్రం రాసి, బాగుందనుకుని, తీసేశాను. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి నీళ్ళు కొలిచి ఇవ్వాలి. ఎండాకాలం బాబాయి గ్లాసు నిండా అడిగేవారు, వీడు సగం ఇచ్చేవాడు. ఒకసారి ఫోన్లో ఆ మాట చెప్పి గొంతు పట్టేసి ఆగిపోయాడు. "నీళ్ళు కొలిచి ఇచ్చినందుకు నువ్వు బాధపడకు, డాక్టరు చెప్పిందే చేశావు" అని రాశాను. మాట నిజం, అవసరం కూడా. కానీ వాడి ఫోను చెల్లెలి చేతిలో ఉంది, పిన్నికి చదివి వినిపిస్తోంది. వాడు నాకొక్కడికే చెప్పుకున్న మాట ఆ గదిలో గట్టిగా వినిపించకూడదు. అది పక్కన కూర్చుని చెప్పాల్సింది. సందేశం మంచిదా కాదా అన్నదాంట్లో సగం అది ఎవరి నోట వినిపిస్తుందన్నదే, ఇది నేను డెస్కులో కూడా నేర్చుకోలేదు.

మొదటిదాని తరఫున కూడా రెండు మాటలు చెప్పాలి. ముఖపరిచయం మాత్రమే ఉన్నవాళ్ళకి, ఆఫీసులో వేరే అంతస్తులో ఉండే మనిషికి అచ్చుమాట చాలు. అది హాజరు వేయించుకోవడం లాంటిది. విన్నాను, తెలిసింది, వచ్చి నిలబడ్డాను. ఆ ఇంట్లో ఓం శాంతిలు నూటికి పైగా వచ్చాయి, అన్ని వచ్చాయన్నది పిన్నికి ఊరటే. మనకి తెలియని మనిషి గురించి జ్ఞాపకం పుట్టించి రాయడం కన్నా అదే నయం. మా ఆఫీసులో ఒకావిడ తల్లి పోయినప్పుడు నాకు ఆ తల్లి ఎవరో తెలియదు. తెలిసిందల్లా ఈవిడ మధ్యాహ్నం డబ్బా తెరిచే ముందు అమ్మకి ఫోన్ చేసి "తిన్నావా" అనేది. ఆ సంగతే రాసి, ఈ వారం మీ రిపోర్టులు నేను చూస్తానన్నాను. అంతకన్నా నా దగ్గర ఏమీ లేదు.

చివర "జవాబు రాయక్కర్లేదు" అన్నదాని మీద మా ఆవిడ మళ్ళీ అభ్యంతరం పెట్టింది, కటువుగా ఉందంది. చావింటి నుంచి బయల్దేరేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పం గదా, లేచి వచ్చేస్తాం. ఆ ఇంటివాళ్ళు గుమ్మందాకా వచ్చి సాగనంపక్కర్లేదు. ఈ వాక్యం ఆ పనే చేస్తుందన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. అలాగే పంపాను, మంగళవారం రాత్రి పదింటికి.

బుధవారం తెల్లవారుజామున నాలుగు నలభైకి ఫోను మోగింది. జవాబు వచ్చింది.

"శుక్రవారం, సోమవారం ఇంటినిండా జనం ఉన్నార్రా. ఇవాళ లేచి మొహం కడుక్కుని బండి తాళం కూడా తీసుకున్నా."

లేచి కూర్చుని వాడికి ఫోన్ చేశాను.